ప్లేటు తిరుగుతుంది, పాలు కాగవు

మైక్రోవేవ్ ఓవెన్ పాడయ్యే తీరుల్లో ఎక్కువమందిని తికమకపెట్టేది ఒకటుంది. మీట నొక్కితే లోపల దీపం వెలుగుతుంది, గాజు ప్లేటు తిరుగుతుంది, ఫ్యాన్ చప్పుడు వినిపిస్తుంది, అంకెలు ఒక్కొక్కటే తగ్గుతూ సున్నాకి చేరి బీప్ కూడా మోగుతుంది. తలుపు తీసి చూస్తే గ్లాసులో పాలు పెట్టినప్పుడు ఎంత చల్లగా ఉన్నాయో అంతే చల్లగా ఉంటాయి. ఇంటికొచ్చిన మెకానిక్ చాలాసార్లు మూత కూడా విప్పకుండానే "మాగ్నెట్రాన్ పోయిందమ్మా" అంటాడు. మాగ్నెట్రాన్ ఓవెన్‌లోని ఖరీదైన భాగాల్లో ఒకటి. ఆ మాట వినగానే బాగుచేయించడం కంటే కొత్తది కొనుక్కోవడమే మేలనిపిస్తుంది. పాతది పాత సామాన్లవాడి బండి ఎక్కుతుంది.

నిజానికి ఆ ఓవెన్‌లో పాడైంది మాగ్నెట్రాన్ కావచ్చు, కాకపోనూవచ్చు. డయోడ్, కెపాసిటర్, తలుపు దగ్గరి చిన్న స్విచ్, వీటిలో ఏది పోయినా బయటికి కనిపించే లక్షణం ఇదే. అయితే ఏది పోయిందన్న దాన్నిబట్టి ఓవెన్ చేసే చప్పుడు మారుతుంది, అది లాగే కరెంటు మారుతుంది. ఆ రెండూ తెలుసుకోవడానికి మూత విప్పాల్సిన అవసరం లేదు.

ముందుగా ఒక విషయం. దీపం, ఫ్యాన్, ప్లేటు తిప్పే మోటారు, అంకెలు చూపించే బోర్డు అన్నీ కలిపి వాడుకునేది సుమారు 50 వాట్లు. వేడి పుట్టించే భాగం ఒక్కటే 1,200 వాట్లకు పైగా లాగుతుంది. ఈ రెండింటికీ కరెంటు వేర్వేరు దారుల్లో వెళుతుంది. కాబట్టి దీపం వెలిగి ప్లేటు తిరిగినంత మాత్రాన వేడి పుట్టించే భాగం గురించి మనకు తెలిసింది దాదాపు ఏమీ లేదు. ప్లగ్గులోకి కరెంటు వస్తోందనీ, బోర్డు బతికే ఉందనీ మాత్రమే తెలిసింది.

మెకానిక్‌ని పిలిచే ముందు రెండు తేలికైన అనుమానాలు తీర్చుకోవాలి. కొన్ని మోడళ్లలో దుకాణంలో ప్రదర్శన కోసం డెమో మోడ్ అని ఒకటి ఉంటుంది. పొరపాటున అది ఆన్ అయితే ఓవెన్ అన్ని పనులూ చేసినట్టే కనిపిస్తుంది కానీ వేడి చేయదు. దాన్ని ఎలా తీసేయాలో ఓవెన్‌తో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. రెండోది పవర్ లెవెల్. డీఫ్రాస్ట్‌లో గానీ కనిష్ఠ స్థాయిలో గానీ పెట్టి ఉంటే వేడి కొన్ని సెకన్లు వచ్చి ఎక్కువసేపు ఆగుతుంది. గరిష్ఠ స్థాయిలో పెట్టి, ఒక గ్లాసు నీళ్లు లోపల ఉంచి, రెండు నిమిషాలు నడిపాక కూడా నీళ్లు చల్లగానే ఉంటే అప్పుడు లోపం నిజమే. ఓవెన్‌ని ఖాళీగా మాత్రం నడపకూడదు. పీల్చుకునే పదార్థం లోపల లేకపోతే తరంగాలు తిరిగి మాగ్నెట్రాన్ మీదికే వచ్చి దాన్ని వేడెక్కిస్తాయి.

ఇప్పుడు వేడి ఎలా పుడుతుందో చూద్దాం. గోడలోంచి వచ్చే 230 వోల్టులు తలుపు స్విచ్చుల మీదుగా, బోర్డు మీద ఉండే రిలే మీదుగా ఒక బరువైన ట్రాన్స్‌ఫార్మర్‌కి చేరతాయి. ఓవెన్‌ని ఎత్తినప్పుడు ఒకవైపు ఎక్కువ బరువనిపించేది దీనివల్లే. అది 230 వోల్టులను సుమారు 2,000 వోల్టులకు పెంచుతుంది. దానికే మరో చిన్న చుట్ట కూడా ఉంటుంది. అది మూడు వోల్టుల పైచిలుకు ఇచ్చి మాగ్నెట్రాన్ లోపలి ఫిలమెంట్‌ను ఎర్రగా కాలుస్తుంది.

మాగ్నెట్రాన్‌కి 2,000 వోల్టులు చాలవు, సుమారు 4,000 కావాలి. అదీ ఒకే దిక్కులో కావాలి. ఈ పని కెపాసిటర్, డయోడ్ కలిసి చేస్తాయి. మన కరెంటు సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఒక ఊపులో డయోడ్ దారి తెరిచి కెపాసిటర్‌ని ఛార్జ్‌తో నింపుతుంది. తర్వాతి ఊపులో డయోడ్ దారి మూసేస్తుంది. అప్పుడు కెపాసిటర్‌లో నిండిన వోల్టేజీ, ట్రాన్స్‌ఫార్మర్ ఆ క్షణాన ఇచ్చే వోల్టేజీ ఒకదానిమీద ఒకటి నిలుస్తాయి. తిరునాళ్లలో తండ్రి భుజాల మీద ఎక్కిన పిల్లాడికి ఇద్దరి ఎత్తూ కలిసొచ్చినట్టు మాగ్నెట్రాన్‌కి రెండు వోల్టేజీలూ కలిసి అందుతాయి. ఆ దెబ్బకి ఫిలమెంట్ నుంచి ఎలక్ట్రాన్లు వెలువడి, అయస్కాంతాల మధ్య సుడి తిరుగుతూ, సెకనుకు దాదాపు 245 కోట్ల సార్లు కంపించే తరంగాలను పుట్టిస్తాయి. నీళ్లను వేడి చేసేవి ఆ తరంగాలే.

ఈ క్రమంలో ఒక చిన్న ఆలస్యం ఉంది. మీట నొక్కగానే రిలే "టక్" మంటుంది, ట్రాన్స్‌ఫార్మర్ సన్నగా మోత మొదలుపెడుతుంది. ఫిలమెంట్ కాలడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. అది కాలి మాగ్నెట్రాన్ పని అందుకోగానే మోత ఒక్కసారిగా బరువెక్కుతుంది. పాత వైరింగ్ ఉన్న ఇళ్లలో ఆ క్షణాన వంటింటి బల్బు కొద్దిగా మసకబారుతుంది కూడా. మంచి మెకానిక్ మొదట చెవి పెట్టేది ఇక్కడే. టక్ వినపడిందా? సన్నమోత వచ్చిందా? రెండు సెకన్ల తర్వాత అది బరువెక్కిందా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే సగం పని అయినట్టే.

చెవి మీద నమ్మకం చాలనివారికి ఇంటి కరెంటు మీటరు సాక్ష్యం చెబుతుంది. ఇప్పుడు మన ఇళ్లకున్న డిజిటల్ మీటర్ల మీద ఒక చిన్న ఎర్ర దీపం మినుకుమినుకుమంటూ ఉంటుంది. దాని పక్కన `3200 imp/kWh` అనో, మరో అంకెతోనో రాసి ఉంటుంది. ఒక యూనిట్ కరెంటు ఖర్చయ్యేలోగా ఆ దీపం 3,200 సార్లు మిణుకుతుందని దాని అర్థం. ఫ్రిజ్, ఫ్యాన్లు, మోటారు, లైట్లు అన్నీ ఆపేసి, గ్లాసు నీళ్లు పెట్టి ఓవెన్ ఒక్కటే నడుపుతూ, ఒక నిమిషంలో ఎన్ని మిణుకులో లెక్కపెట్టాలి. ఒకరు ఓవెన్ దగ్గర, ఒకరు మీటరు దగ్గర ఉంటే సరిపోతుంది. అపార్ట్‌మెంట్లలో మీటర్లు కింద సెల్లార్లో ఉంటాయి కాబట్టి సెల్‌ఫోన్‌లో మాట్లాడుకుంటూ చేయాలి.

3,200 మీటరు మీద ఆరోగ్యంగా ఉన్న ఓవెన్ నిమిషానికి 65 నుంచి 75 దాకా మిణుకులు ఇస్తుంది, అంటే సెకనుకు ఒకటి కంటే కాస్త ఎక్కువ. దీపం, ఫ్యాన్, ప్లేటు మాత్రమే నడుస్తుంటే రెండో మూడో వస్తాయి. ఈ రెండింటికీ మధ్యలో, నిమిషానికి ఆరు నుంచి పది దాకా వచ్చాయంటే ట్రాన్స్‌ఫార్మర్‌కి కరెంటు చేరుతోంది కానీ దాని తర్వాత ఎవరూ పని చేయడం లేదని అర్థం. ఆ కొద్దిపాటి కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ ఇనుము వేడెక్కడానికీ, ఫిలమెంట్ బాగుంటే అది కాలడానికీ సరిపోతుంది. మోడల్‌ని బట్టి అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి గానీ ఈ మూడు మెట్ల మధ్య తేడా ఎంత పెద్దదంటే పొరబడడం కష్టం.

కాకినాడలో ఉన్న మా పిన్ని ఓవెన్‌కి ఈ జబ్బే వచ్చింది. 28 లీటర్ల కన్వెక్షన్ ఓవెన్, మైక్రోవేవ్ శక్తి 900 వాట్లని దాని వెనక రాసి ఉంది. వచ్చిన మెకానిక్ మాగ్నెట్రాన్ మార్చాలన్నాడట. నాకు ఫోన్ చేసి, "ఏరా, మార్పించమంటావా, పారేయమంటావా?" అని అడిగింది. "పిన్నీ, ముందు గ్రిల్ మీద పెట్టి చూడు" అన్నాను. గ్రిల్, కన్వెక్షన్ రెండూ మాగ్నెట్రాన్‌తో పనిలేకుండా ఇస్త్రీపెట్టెలో ఉండే లాంటి హీటర్లతో నడుస్తాయి. గ్రిల్ కణకణలాడుతోందని చెప్పింది. చాలా మోడళ్లలో తలుపు దగ్గరి ముఖ్యమైన స్విచ్ మీదుగానే హీటర్‌కీ ట్రాన్స్‌ఫార్మర్‌కీ కూడా కరెంటు పోతుంది. కాబట్టి గ్రిల్ కాలిందంటే తలుపు స్విచ్ మీద అనుమానం చాలావరకు తగ్గింది.

తర్వాత మీటరు. బాబాయి వరండాలో నిలబడ్డాడు, పిన్ని ఓవెన్ దగ్గర నిలబడి మైక్రోవేవ్ మోడ్‌లో మీట నొక్కింది. నిమిషానికి ఎనిమిది మిణుకులు వచ్చాయి. చప్పుడు ఎలా ఉందంటే, "సన్నగా వస్తోందిరా, ఇదివరకటిలా గట్టిగా లేదు" అంది. ఎనిమిది మిణుకులంటే 150 వాట్లు. కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ దాకా వెళుతోంది, ఆ తర్వాత దారి ఎక్కడో తెగింది. తెగడానికి నాలుగైదు చోట్లే ఉన్నాయి. డయోడ్ తెగి ఉండవచ్చు. కెపాసిటర్ లోపల తెగి ఉండవచ్చు. కొన్ని ఓవెన్లలో ప్లాస్టిక్ గొట్టంలో ఉండే హైవోల్టేజ్ ఫ్యూజ్ కాలి ఉండవచ్చు. మాగ్నెట్రాన్ ఫిలమెంట్ తెగి ఉండవచ్చు, లేదా ఫిలమెంట్‌కి వచ్చే వైరు కొస వదులై ఉండవచ్చు. ఇంతకు మించి ఫోన్‌లో తేల్చలేం. ఇక మూత విప్పాలి.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. మూత విప్పే పని ఇంట్లోవాళ్లది కాదు. టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, వీటన్నిటికంటే మైక్రోవేవ్ ఓవెన్ లోపలి భాగం ప్రాణానికి ఎక్కువ ప్రమాదం. నడుస్తున్నప్పుడు అక్కడుండే 4,000 వోల్టులు తగిలితే మనిషి బతికి బట్టకట్టడం కష్టం. ప్లగ్గు పీకేశాక కూడా కెపాసిటర్ ఛార్జ్‌ని పట్టుకుని కూర్చోవచ్చు. దాన్ని నెమ్మదిగా ఖాళీ చేయడానికి లోపలే ఒక రెసిస్టర్ పెడతారు, సాధారణంగా అది 10 మెగాఓమ్‌లు. అది బాగుంటే ఒక నిమిషంలో ఛార్జ్ దాదాపు మాయమవుతుంది. అది తెగిపోయిందో లేదో బయటి నుంచి తెలియదు. అందుకే పని తెలిసినవాళ్లు ప్లగ్గు తీసి, కాసేపు ఆగి, ఆ తర్వాత కూడా ఇన్సులేషన్ ఉన్న పనిముట్టుతో కెపాసిటర్ రెండు కాళ్లనూ, ఒక్కో కాలునూ ఓవెన్ రేకు శరీరానికీ కలిపి ఖాళీ చేశాకే చెయ్యి పెడతారు. మీ ఇంటికొచ్చిన మనిషి ఈ పని చేయకుండా లోపల చెయ్యి పెట్టబోతుంటే అతన్ని ఆపండి. నడుస్తున్న ఓవెన్‌లో హైవోల్టేజ్‌ని మామూలు మల్టీమీటరుతో కొలవడం కూడా చేయకూడని పని. ఆ మీటరు మహా అయితే 1,000 వోల్టుల దాకా తట్టుకుంటుంది. ఈ రోగనిర్ధారణ అంతా ప్లగ్గు తీసేసిన ఓవెన్ మీదే జరగాలి, జరుగుతుంది కూడా.

కాకినాడలోనే మరో మెకానిక్‌ని పిలిపించి, ఏ కొలత ఎంత వచ్చిందో నాకు చెప్పమని అడిగాను. కెపాసిటర్ ఖాళీ చేశాక అతను మొదట మాగ్నెట్రాన్ దగ్గరికే వెళ్లాడు. ఫిలమెంట్ రెండు కాళ్ల మధ్య మీటరు పెడితే ఒక ఓమ్ కంటే తక్కువ చూపించింది. ఫిలమెంట్ తెగలేదు. కాలుకీ మాగ్నెట్రాన్ లోహపు ఒంటికీ మధ్య పెడితే మీటరు కదల్లేదు, అంటే షార్ట్ లేదు. వైరు కొసలు బిగుతుగానే ఉన్నాయి. మొదటి మనిషి మార్చాలన్న వస్తువు ఈ రెండు నిమిషాల పరీక్షలో దాదాపు నిర్దోషిగా తేలింది. తర్వాత కెపాసిటర్. దాని మీద రాసిన విలువకీ, మీటరు చూపించిన విలువకీ పెద్ద తేడా లేదు. హైవోల్టేజ్ ఫ్యూజ్‌లో తీగ అఖండంగా ఉంది. మిగిలింది డయోడ్.

ఈ డయోడ్ దగ్గరే చాలామంది మెకానిక్‌లు దెబ్బతింటారు. మామూలు డయోడ్‌ని మల్టీమీటరుతో పరీక్షిస్తే ఒకవైపు అంకె చూపిస్తుంది, తిప్పి పెడితే చూపించదు. మైక్రోవేవ్ డయోడ్ అలా చూపించదు. వేల వోల్టులను ఆపడానికి దాని లోపల ఎన్నో చిన్న డయోడ్లు వరసగా పేర్చి ఉంటాయి. అది ముందుకు కరెంటు వదలాలంటేనే కనీసం ఐదారు వోల్టుల తోపుడు కావాలి. మల్టీమీటరు లోపలి నుంచి అంత తోపుడు రాదు. అందువల్ల చక్కగా ఉన్న డయోడ్ కూడా రెండు వైపులా తెగినట్టే చూపిస్తుంది. నిజంగా తెగినదీ అలాగే చూపిస్తుంది. మీటరు చూసి "డయోడ్ బాగానే ఉంది" అన్నవాడూ, "డయోడ్ పోయింది" అన్నవాడూ ఇద్దరూ ఊహించి చెప్పినట్టే లెక్క. ఆ మీటరు తేల్చగలిగేది ఒక్కటే, రెండు వైపులా సున్నా ఓమ్‌లు చూపిస్తే అది షార్ట్ అయిందని.

సరైన పద్ధతి తేలికే. డయోడ్‌ని ఓవెన్ నుంచి విప్పి, 9 వోల్టుల బ్యాటరీతో వరసలో కలిపి, మీటరుని వోల్టుల మీద పెట్టి అదే వరసలో మూడోదిగా చేర్చాలి. డయోడ్ బాగుంటే ఒక దిక్కులో మీటరు కొన్ని వోల్టులు చూపిస్తుంది, డయోడ్‌ని తిప్పితే దాదాపు సున్నా చూపిస్తుంది. రెండు దిక్కుల్లోనూ వోల్టులు పూర్తిగా వస్తే షార్ట్. రెండు దిక్కుల్లోనూ సున్నా అయితే తెగింది. కొన్ని డయోడ్లకు 9 వోల్టులు కూడా చాలవు. అప్పుడు రెండు బ్యాటరీలు కలిపి చూడాలి. పిన్ని ఓవెన్ డయోడ్ రెండు దిక్కుల్లోనూ సున్నాయే. రెండో బ్యాటరీ చేర్చినా అంతే. దాని నల్లటి ఒంటి మీద సన్నని పగులు కూడా ఉందని అతను చెప్పాడు.

డయోడ్ తెగితే వేడి ఎందుకు పూర్తిగా ఆగిపోతుంది, సగమైనా రావాలి కదా అని అడగవచ్చు. కెపాసిటర్‌ని సరైన దిక్కులో నింపే దారి డయోడే. అది లేకపోయాక మిగిలిన దారి మాగ్నెట్రాన్ ఒక్కటే. మాగ్నెట్రాన్ కూడా కరెంటుని ఒక దిక్కులోనే పోనిస్తుంది కాబట్టి, మొదటి క్షణాల్లోనే అది కెపాసిటర్‌ని తప్పు దిక్కులో నింపేస్తుంది. ఆ తర్వాత ఆ ఛార్జే ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీకి ఎదురు నిలుస్తుంది. కలవాల్సిన రెండు వోల్టేజీలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అందుకే ఫిలమెంట్ ఎర్రగా కాలుతున్నా ఒక్క తరంగం కూడా పుట్టదు, మోత సన్నగానే ఉండిపోతుంది.

కొత్త డయోడ్ వేసే ముందు ఆ మెకానిక్ మాగ్నెట్రాన్‌ని మెగ్గర్‌తో మరోసారి చూశాడు. మల్టీమీటరు చిన్న వోల్టేజీతో కొలుస్తుంది. ఆ వోల్టేజీకి బాగున్న ఇన్సులేషన్ ఎక్కువ వోల్టేజీకి కూలిపోవచ్చు, అలా కూలే మాగ్నెట్రానే డయోడ్‌ని చంపి ఉండవచ్చు. అది చూడకుండా డయోడ్ మార్చితే కొత్తదీ వారంలో పోతుంది. అదృష్టవశాత్తూ మెగ్గర్ కింద మాగ్నెట్రాన్ నిలబడింది. డయోడ్ మార్చాక ఒక లీటరు నీళ్లు పెట్టి సరిగ్గా ఒక నిమిషం నడిపారు. 26 డిగ్రీలున్న నీళ్లు కలిపి చూస్తే 38 అయ్యాయి. లీటరు నీళ్లలో ఒక నిమిషానికి పెరిగిన డిగ్రీలను 70తో హెచ్చిస్తే నీళ్లకు అందిన శక్తి వాట్లలో వస్తుంది. 12 డిగ్రీలకి 840 వాట్లు. కొంత వేడి గిన్నెకి పోతుంది కాబట్టి 900 వాట్ల ఓవెన్‌కి అది మంచి ఫలితమే. మీటరు మీద మిణుకులు 70 దాటాయి.

అదే ఓవెన్‌లో మీటరు ఎనిమిదికి బదులు రెండు మూడు మిణుకులు ఇచ్చి, మోత అసలే లేకుండా ఉంటే కథ వేరే దారిలో నడిచేది. అప్పుడు డయోడ్, కెపాసిటర్, మాగ్నెట్రాన్ మూడింటినీ పక్కన పెట్టి, కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌కి ఎందుకు చేరడం లేదో వెతకాలి. ముందుగా చూడాల్సింది తలుపు స్విచ్చులు.

తలుపు మూసినప్పుడు దాని అంచున ఉండే రెండు ప్లాస్టిక్ కొక్కేలు లోపలికి దూరి చిన్న మైక్రోస్విచ్చులను నొక్కుతాయి. సాధారణంగా మూడు ఉంటాయి. ఒకటి ట్రాన్స్‌ఫార్మర్‌కి వెళ్లే కరెంటుని కలిపేది. ఒకటి తలుపు మూసుకుందని బోర్డుకి చెప్పేది, కొన్ని మోడళ్లలో ఇది కూడా కరెంటు దారిలోనే ఉంటుంది. మూడోది కాపలా స్విచ్. మొదటి స్విచ్ కాంటాక్టులు అతుక్కుపోయి, తలుపు తీసినా కరెంటు ఆగని పరిస్థితి వస్తే, ఈ మూడోది కావాలనే లైన్‌ని షార్ట్ చేసి ఫ్యూజ్ కాల్చేస్తుంది. తలుపు తెరిచి ఉండగా తరంగాలు బయటికి రాకూడదన్నదే దీని ఉద్దేశం. అమెరికాలో 1971 నుంచి అమల్లో ఉన్న నియమాలు ఇలాంటి జంట స్విచ్చులనూ వాటి మీద కాపలానూ తప్పనిసరి చేశాయి.

ఇప్పుడు "నడుస్తుంది కానీ కాగదు" ఎలా వస్తుందో తేలికగా అర్థమవుతుంది. బోర్డుకి కబురు చెప్పే స్విచ్ బాగుంది, కాబట్టి తలుపు మూసే ఉందని నమ్మి బోర్డు అన్నీ నడిపిస్తుంది. కరెంటు మోసే స్విచ్ మాత్రం లోపల కాలిపోయింది. ఐదారు ఆంపియర్ల కరెంటుని రోజూ కలుపుతూ, నడుస్తుండగానే మనం తలుపు లాగేసినప్పుడల్లా మెరుపుతో తెంపుతూ దాని కాంటాక్టులు నల్లబడతాయి. గడువు పూర్తయ్యేదాకా ఆగకుండా తలుపు తీసే అలవాటున్న ఇళ్లలో ఇది త్వరగా పాడవుతుంది. ముందు స్టాప్ నొక్కి తర్వాత తలుపు తీస్తే తెంపే పని రిలే చేస్తుంది, స్విచ్‌కి ఆ దెబ్బ తప్పుతుంది.

దీనికి బయటి నుంచి ఒక ఆనవాలు ఉంది. ఓవెన్ నడుస్తుండగా మూసి ఉన్న తలుపుని అరచేత్తో కొద్దిగా లోపలికి నొక్కినా, పిడి దగ్గర కాస్త పైకి ఎత్తినట్టు పట్టినా ఒక్కసారి మోత బరువెక్కితే లోపం స్విచ్‌లోనో, జారిపోయిన కొక్కెంలోనో, కుంగిన తలుపు బందులోనో ఉంది. మూత విప్పాక మెకానిక్ మీటరు పెట్టి "స్విచ్ సున్నా చూపిస్తోంది, బాగుంది" అంటే వెంటనే ఒప్పుకోకండి. మీటరు పంపే అతి చిన్న కరెంటుకి కాలిన కాంటాక్టు కూడా దారి ఇస్తుంది, ఐదు ఆంపియర్లు అడిగితే ఇవ్వదు. కాంటాక్టు కాలిందనడానికి నిజమైన గుర్తు స్విచ్ కాళ్ల దగ్గర ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరగడం, వైరు కొస నల్లబడడం. ఈ స్విచ్ ఖరీదు మాగ్నెట్రాన్ ఖరీదులో పదో వంతు కూడా ఉండదు. దాన్ని మార్చాలే తప్ప తీగ ముక్కతో కలిపేసి "తాత్కాలికంగా" నడపడం ఎట్టి పరిస్థితుల్లోనూ ఒప్పుకోవద్దు. అలా కలిపిన ఓవెన్ తలుపు తీసినా ఆగకపోవచ్చు. అప్పుడు ముందుగా దెబ్బతినేది కళ్లే.

తలుపు స్విచ్చులు బాగుండి కూడా మోత లేకపోతే రిలే, మాగ్నెట్రాన్ పక్కన ఉండే థర్మల్ కటౌట్, ట్రాన్స్‌ఫార్మర్ మొదటి చుట్ట, ఈ మూడూ మిగులుతాయి. పిన్ని ఇంట్లోలా గ్రిల్ కాలుతూ ఉండి, మైక్రోవేవ్‌లో మాత్రం మోత లేకపోతే ముందు అనుమానించాల్సింది మైక్రోవేవ్ రిలేని, కటౌట్‌ని.

మూడో రకం దీనికి పూర్తిగా విరుద్ధం. మీట నొక్కగానే మోత సన్నగా కాకుండా గుర్రుమని మొదటి క్షణం నుంచే పెద్దగా వస్తుంది, ఓవెన్ వణుకుతుంది, కాలిన వాసన రావచ్చు, కొన్నిసార్లు ఫ్యూజ్ కూడా పోతుంది. వేడి మాత్రం ఉండదు. ఇది తెగడం కాదు, షార్ట్. డయోడ్ షార్ట్ అయితే మాగ్నెట్రాన్‌కి పోవాల్సిన కరెంటంతా దాన్ని దాటేసి కెపాసిటర్‌కీ ట్రాన్స్‌ఫార్మర్‌కీ మధ్యనే తిరుగుతుంది. కెపాసిటర్ షార్ట్ అయితే ట్రాన్స్‌ఫార్మర్ ప్రతి రెండో ఊపులో డయోడ్ మీదుగా నేరుగా షార్ట్ అవుతుంది, ఫ్యూజ్ ఎక్కువసేపు నిలవదు. ఇలాంటి చప్పుడు వింటే రెండోసారి మీట నొక్కకుండా ప్లగ్గు తీసేయాలి. ఒకటి షార్ట్ అయి ఉండగా నడిపితే ట్రాన్స్‌ఫార్మర్ కూడా కాలి, డయోడ్‌తో పోవాల్సిన ఖర్చు ఓవెన్ ఖర్చవుతుంది.

మాగ్నెట్రాన్ నిజంగా పోయినప్పుడు దానికీ తన ఆనవాళ్లు ఉంటాయి. ఫిలమెంట్ కాళ్ల మధ్య మీటరు అనంతం చూపించినా, కాలుకీ ఒంటికీ మధ్య ఓమ్‌లు పలికినా అది పోయినట్టే. చుట్టూ ఉండే నల్లటి అయస్కాంతపు వలయం పగిలితే సరైన కంపనం ఉండదు. కొసన ఉండే టోపీ కాలి కన్నం పడి ఉంటే అది కూడా మార్చాల్సిందే. వయసైన మాగ్నెట్రాన్ ఒక్కసారిగా ఆగదు. నెలల తరబడి బలం తగ్గుతూ వస్తుంది. ఇదివరకు రెండు నిమిషాల్లో కాగే పాలకి మూడు, నాలుగు నిమిషాలు పడుతుంది. లీటరు నీళ్ల పరీక్షలో 12 డిగ్రీలకు బదులు ఆరో ఏడో వస్తుంది. నిన్నటిదాకా మామూలుగా కాగి ఈ రోజు హఠాత్తుగా ఒక్క డిగ్రీ కూడా పెరగకపోతే ముసలితనం మీద నింద వేయలేం. ఫిలమెంట్ తెగి ఉండవచ్చు గానీ, దానికి ముందు వైరు కొసని చూడాలి. ఫిలమెంట్‌కి పది ఆంపియర్ల పైచిలుకు కరెంటు పోతుంది. ఆ కొస కొంచెం వదులైతే వేడెక్కి, తుప్పుపట్టి, పట్టు తప్పుతుంది. దాన్ని శుభ్రం చేసి బిగిస్తే లేచి నడిచే మాగ్నెట్రాన్లను చెత్తలో వేసిన సందర్భాలు మరమ్మతు పనిలో ఉన్నవారందరికీ తెలిసినవే.

మెకానిక్ "మాగ్నెట్రాన్ పోయింది" అన్నప్పుడు అతన్ని అవమానించకుండా రెండు ప్రశ్నలు అడగవచ్చు. ఫిలమెంట్ కొలత ఎంత వచ్చింది? డయోడ్‌ని బ్యాటరీ పెట్టి చూశారా? పని తెలిసిన మనిషికి ఈ ప్రశ్నలు కోపం తెప్పించవు. వెంటనే మీటరు తీసి చూపిస్తాడు.

ఈ లెక్కలన్నీ బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఓవెన్లకే వర్తిస్తాయి. ఇన్వర్టర్ అని రాసి ఉన్న మోడళ్లలో ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. దాని చోట ఒక బోర్డు కరెంటుని వేల సార్లు తెంచి కలుపుతూ వోల్టేజీని పెంచుతుంది. వాటిలో గరిష్ఠ స్థాయిలో కూడా ఆ పాతకాలపు మోత వినిపించదు, కెపాసిటర్లూ డయోడ్లూ ఆ బోర్డు మీదే అతికి ఉంటాయి. మీటరు మిణుకులు, లీటరు నీళ్ల పరీక్ష, తలుపుని నొక్కి చూడడం అక్కడా పనికొస్తాయి. లోపం తలుపు స్విచ్‌లో గానీ మాగ్నెట్రాన్ ఫిలమెంట్‌లో గానీ లేదని తేలితే, చాలాసార్లు బోర్డు మొత్తాన్నీ మార్చాల్సి వస్తుంది.